నింద టీపీఎం మీద, అడ్డు ప్రాసెసర్ దగ్గర

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ముగిసింది. ఆ రోజు ఏ సిస్టమూ ఆగిపోలేదు. ఆదిలాబాద్ మీసేవా కేంద్రాల్లో ధ్రువపత్రాలు, కరీంనగర్ డీటీపీ సెంటర్లలో పెండ్లి పత్రికలు ఎప్పటిలాగే అచ్చవుతూ వచ్చాయి. ఆగిందల్లా నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్లే, అది కంటికి కనిపించే లోటు కాదు. కనిపించేది ఆ తర్వాత విండోస్ 11 వేద్దామని కూర్చున్నప్పుడు. కొంత దూరం సాఫీగా నడిచి, తెర మీద This PC can't run Windows 11 అని తేలుతుంది. దాని కింద టీపీఎం 2.0 ఉండాలని, సెక్యూర్ బూట్ ఉండాలని కారణాలు. రిపేరు షాపుకి తీసుకెళ్తే తీర్పు సాధారణంగా రెండు మాటల్లో వచ్చేస్తుంది. ఒకటి, "టీపీఎం లేదు, కొత్తది కొనాలి." రెండోది, "బైపాస్ కొట్టి వేసిస్తాం, ఏం కాదు." మొదటి మాటతో అక్కర్లేని ఖర్చు పడవచ్చు, రెండో మాటతో చెప్పని ప్రమాదం అంటుకోవచ్చు. మన జిల్లాల్లో వాడుకలో ఉన్న 2016 తర్వాతి యంత్రాల సంగతి చూస్తే టీపీఎం చాలాసార్లు లోపలే ఉంటుంది, నిద్రపోతూ. అసలు అడ్డు ప్రాసెసర్. ఈ రెండిటినీ విడదీసి చూడకుండా డబ్బు ఖర్చు పెట్టించే సలహా ఏదీ నిజాయతీ గలది కాదు.

విండోస్ 11 అడిగేవాటిలో 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ పెద్ద అడ్డంకులు కావు. చిక్కంతా మిగతా మూడిటితో. టీపీఎం అంటే రహస్య తాళాలను దాచుకునే చిన్న భద్రతా భాగం. డిస్కును గుప్తీకరించిన తాళాన్ని అది తన దగ్గర ఉంచుకుని, బూట్ అయ్యే తీరులో ఏ మార్పూ లేదని తేలితేనే బయటికి ఇస్తుంది. దొంగిలించిన లాప్‌టాప్‌లోంచి డిస్కు ఊడదీసి మరో సిస్టంలో పెట్టినా ఫైళ్లు తెరుచుకోకపోవడానికి కారణం అదే. ఇది విడిగా ఒక చిప్‌గా ఉండాల్సిన పని లేదు. ఇంటెల్ దాన్ని పీటీటీ అనే పేరుతో, ఏఎండీ ఎఫ్‌టీపీఎం అనే పేరుతో తమ హార్డ్‌వేర్‌లోనే కలిపేశాయి. సెక్యూర్ బూట్ పని వేరు. నమ్మదగిన సంతకం లేని బూట్ ప్రోగ్రామును అది మొదలు కానివ్వదు. ఇది పనిచేయాలంటే సిస్టం పాత బయోస్ పద్ధతిలో కాకుండా యూఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ కావాలి. మూడోది మైక్రోసాఫ్ట్ ప్రచురించిన ప్రాసెసర్ల పట్టిక. ఇంటెల్‌లో ఒకటీ అరా మినహాయింపులు పోను 8వ తరం నుంచి, ఏఎండీలో దాదాపుగా రైజెన్ 2000 శ్రేణి నుంచి అందులో ఉన్నాయి. మొదటి రెండూ చాలావరకు సెట్టింగ్‌తో తీరే వ్యవహారాలు. మూడోదానికి సెట్టింగ్ లేదు.

ఇక్కడ మనల్ని తప్పుదారి పట్టించేది తెర మీది రాతే. విండోస్ 10లో విండోస్ బటన్, R కలిపి నొక్కి tpm.msc అని కొడితే, టీపీఎం బయోస్‌లో ఆపేసి ఉన్న సిస్టంలో Compatible TPM cannot be found అని వస్తుంది. చదివినవాళ్లకు అది అసలు లేదనే అర్థమవుతుంది. అలాగే msinfo32 కొట్టి చూస్తే, పాత పద్ధతిలో బూట్ అయిన సిస్టంలో BIOS Mode ఎదురుగా Legacy అని, Secure Boot State ఎదురుగా Unsupported అని ఉంటుంది. మదర్‌బోర్డు సెక్యూర్ బూట్‌కు పూర్తిగా పనికొచ్చేదైనా సరే, Legacy లో నడుస్తున్నంతసేపు అక్కడ కనిపించేది ఆ మాటే. ఆపేసి ఉన్నదాన్ని లేనట్టుగా చూపించే ఈ రెండు వాక్యాలు ఎన్ని మంచి సిస్టంలను పాత సామాను కింద జమకట్టించాయో! కాబట్టి వాటిని చదివి నిర్ణయానికి రాకూడదు. ముందు అదే msinfo32 లో Processor వరుస చూడాలి. ప్రాసెసర్ పట్టికలో ఉన్నదైతే మిగతా రెండిటికీ చాలావరకు మార్గం ఉన్నట్టే.

ఒక నమూనా తీసుకుందాం. 2019 ప్రాంతంలో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్, i3-8100 ప్రాసెసర్, హెచ్310 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్. డీటీపీ సెంటర్‌లోనో ట్యూషన్ మాస్టారి ఇంట్లోనో ఇలాంటిది ఇప్పటికీ దిట్టంగా పనిచేస్తుంటుంది. 8వ తరం కాబట్టి పట్టికలో ఉంది, పీటీటీ కూడా లోపలే ఉంది. అయినా పరీక్షలో తప్పుతుంది. కారణాలు రెండు. విడిగా అమ్మిన చాలా మదర్‌బోర్డుల్లో అప్పట్లో పీటీటీని ఆపేసి ఉంచేవారు. విండోస్ 11 ప్రకటన వచ్చిన 2021 తర్వాతే కంపెనీలు దాన్ని ఆన్ చేసి ఉంచే బయోస్ అప్‌డేట్లు విడుదల చేశాయి. రెండో కారణం, విండోస్ 7 కాలం అలవాటుతో డిస్కును ఎంబీఆర్ పద్ధతిలో విభజించి, Legacy లో విండోస్ వేసి ఇవ్వడం. ఆ సిస్టంకు ఈ రోజు కావాల్సింది కొత్త మదర్‌బోర్డు కాదు, ఒక పూట ఓపిక. సిస్టం ఆన్ చేసేటప్పుడు Delete లేదా F2 నొక్కి బయోస్‌లోకి వెళ్లి, PTT లేదా Security Device Support అన్న చోట Enabled చేస్తే టీపీఎం లేచి కూర్చుంటుంది. ఇది ఐదు నిమిషాల పని. డిస్కును ఎంబీఆర్ నుంచి జీపీటీకి మార్చడం మాత్రం జాగ్రత్తగా చేయాల్సిన పని. దానికి ఫార్మాట్ కొట్టాల్సిన అవసరం లేదు. ముఖ్యమైన ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసుకున్నాక, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో విండోస్‌తోనే వచ్చే ఈ పనిముట్టును వాడుకోవచ్చు.

```
mbr2gpt /validate /allowFullOS
mbr2gpt /convert /allowFullOS
```

మొదటి వరుస ఏమీ మార్చదు, మార్చడానికి వీలుందో లేదో చెబుతుంది, అంతే. అది సరేనన్నాకే రెండోది కొట్టాలి. మన దగ్గర సిస్టంలు చాలావాటిలో మొదటి వరుస దగ్గరే ఆగిపోవడానికి ఒక కారణం ఉంది. ఒకే డిస్కును C, D, E, F అని ముక్కలు చేయించుకోవడం మన అలవాటు. ఎంబీఆర్‌లో నాలుగుకు మించి ప్రధాన విభాగాలు కుదరవు కాబట్టి చివరివాటిని ఎక్స్‌టెండెడ్ విభాగంలో లాజికల్ డ్రైవ్‌లుగా చేస్తారు. ఈ పనిముట్టు ప్రధాన విభాగాలు మూడు వరకే ఒప్పుకుంటుంది, లాజికల్ డ్రైవ్ ఉంటే అసలు ఒప్పుకోదు. అప్పుడు ఆ డ్రైవ్‌లలోని సరుకును బయటికి తీసి, వాటిని తొలగించి, మళ్లీ ప్రయత్నించాలి. మార్పిడి పూర్తయ్యాక బయోస్‌లో CSM ఆపి UEFI పెట్టకపోతే సిస్టం బూట్ కాదు. డిస్కు పోయిందని కంగారుపడేది అక్కడే, నిజానికి ఒక్క సెట్టింగ్ మిగిలి ఉంటుంది. సెక్యూర్ బూట్ ఆన్ చేసినా పనిచేయడం లేదంటే ఫ్యాక్టరీ కీలను తిరిగి ఎక్కించే ఎంపిక అదే పేజీలో ఉంటుంది. ఇంకొక జాగ్రత్త, ముఖ్యంగా లాప్‌టాప్‌లకు. బిట్‌లాకర్ ఆన్‌లో ఉండగా ఇలాంటి సెట్టింగ్‌లు మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఫైళ్ల మీద ఆశ వదులుకోవాల్సిందే. పని మొదలుపెట్టే ముందే aka.ms/myrecoverykey లో చూసి కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా ఆపాలి.

ఇప్పుడు అసలు అడ్డు దగ్గరికి వద్దాం. హైదరాబాద్ కార్పొరేట్ ఆఫీసులు వాడి వదిలేసిన లాప్‌టాప్‌లు సికింద్రాబాద్ మార్కెట్ మీదుగా రాజీవ్ రహదారి పట్టి కరీంనగర్‌కు, జాతీయ రహదారి 44 పట్టి ఆదిలాబాద్‌కు చేరతాయి. లెనోవో థింక్‌ప్యాడ్ టీ470, డెల్ లాటిట్యూడ్ 7480, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ4 ఆ కోవలోనివి. గట్టి సరుకు, డిగ్రీ విద్యార్థి చేతికి అందే ధర. టీ470లో i5-7300U ఉందనుకుందాం. దానిలో టీపీఎం 2.0 ఉంది, సెక్యూర్ బూట్ ఉంది, యూఈఎఫ్ఐ ఉంది. పరీక్షలో తప్పేది ఒక్క ప్రాసెసర్ దగ్గరే, 7వ తరం కాబట్టి. దానికి టీపీఎం చిప్ కొని పెట్టిస్తామనే మాట విన్నారంటే ఆ షాపు నుంచి బయటికి వచ్చేయడం మేలు. అమ్మేటప్పుడు "ఐ5" అన్న మాట ఒక్కటే వినిపిస్తుంది. ఐ5 పదిహేనేళ్లకు పైగా వస్తున్న పేరు, అది తరాన్ని చెప్పదు. ఈ కాలపు లాప్‌టాప్‌లలో చూడాల్సింది గీత తర్వాతి నాలుగంకెల సంఖ్యలో మొదటి అంకె. i5-7300U అయితే 7, i5-8250U అయితే 8. మోడల్ పేరు కూడా పూర్తిగా నమ్మదగింది కాదు. థింక్‌ప్యాడ్ టీ480లో ఎక్కువ 8వ తరానివైనా 7వ తరంతో వచ్చినవీ ఉన్నాయి. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు లాప్‌టాప్‌లలో ఒకటి విండోస్ 11 తీసుకుంటుంది, ఇంకొకటి తీసుకోదు.

ఇదంతా కొత్త సిస్టంలు అమ్ముకోవడానికి వేసిన ఎత్తు కాదా అని అడిగేవాళ్లకు చులకనగా జవాబు చెప్పడం కుదరదు. 2021 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సమర్థన ఏమిటంటే, కనీస అర్హత లేని సిస్టంలలో కెర్నల్ స్థాయి క్రాష్‌లు 52 శాతం ఎక్కువగా కనిపించాయని. అదే సందర్భంలో 7వ తరం నుంచి i7-7820HQ ను పట్టికలో చేర్చింది. అది మైక్రోసాఫ్ట్ స్వయంగా అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్న ప్రాసెసర్. కెర్నల్‌ను కాపాడే మెమరీ ఇంటిగ్రిటీ సదుపాయం మందగించకుండా నడవాలంటే ప్రాసెసర్‌లో ఒక ప్రత్యేక సహాయం ఉండాలి, నిజమే. అయితే ఇంటెల్‌లో ఆ సహాయం 7వ తరంతోనే మొదలైంది. కాబట్టి 6కీ 7కీ మధ్య గీత గీస్తే సాంకేతిక వాదన నిలబడేది. 7కీ 8కీ మధ్య గీసిన గీతకు వ్యాపార వాసన ఉందంటే కాదనలేం. ఒప్పుకుందాం. కానీ గీత అన్యాయమైనంత మాత్రాన దాన్ని చాటుగా దాటడం క్షేమమని రుజువు కాదు. ఈ రెండిటినీ కలిపేయడంతోనే బైపాస్ మీద అతి నమ్మకం పుడుతోంది.

బైపాస్ అంటే పెద్ద మాయ కాదు. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాముతో పెన్‌డ్రైవ్ చేసేటప్పుడు టీపీఎం, సెక్యూర్ బూట్, ర్యామ్ తనిఖీలను తీసేయమని ఒక టిక్కు పెడతారు. రిజిస్ట్రీలో ఒక విలువ మార్చి పాత ప్రాసెసర్ మీద అప్‌గ్రేడ్ చేసే దారిని ఒకప్పుడు మైక్రోసాఫ్టే తన సహాయ పేజీలో ప్రచురించింది, తర్వాత తొలగించింది. అసలైన లైసెన్స్ ఉన్న సొంత సిస్టం మీద తెలిసి చేసుకునే బైపాస్‌ను దొంగతనంతో జమకట్టడం సరికాదు. లైసెన్స్ లేకుండా యాక్టివేటర్‌తో నడిపించడం వేరు, అది దొంగ సరుకే. యాక్టివేటర్ల వెంట వైరస్‌లు రావడం కూడా కొత్త కాదు. బైపాస్‌ను సమర్థించేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది: వేశాం, నడుస్తోంది, అప్‌డేట్లు కూడా వస్తున్నాయి. నిజమే, నెలవారీ అప్‌డేట్లు సాధారణంగా వస్తూనే ఉంటాయి. మైక్రోసాఫ్ట్ మాత్రం అర్హత లేని సిస్టంకు వాటి మీద హక్కు లేదని ముందే చెబుతుంది. అసలు తిరకాసు ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ దగ్గర. అర్హత లేని సిస్టంకు అది దానంతట రాదు, మళ్లీ పెన్‌డ్రైవ్ పట్టుకుని ఎవరో చేతితో వేయాలి. ఇళ్లలో వాడే ఎడిషన్లకు ఒక్కో వెర్షన్ ఆయుష్షు 24 నెలలు. 23H2 వెర్షన్‌కు 2025 నవంబరు 11తో గడువు అయిపోయింది.

దీని అర్థం ఒక పోలికతో తేలుతుంది. 2024 మొదట్లో ఒక 7వ తరం లాప్‌టాప్‌లో బైపాస్‌తో 23H2 వేసి ఇచ్చారు, తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. పక్కన అదే మోడల్ ఇంకొకటి విండోస్ 10తోనే ఉండి, పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరింది. మొదటిదానికి 2025 నవంబరు 11 తర్వాత భద్రతా అప్‌డేట్లు లేవు, రెండోదానికి 2026 అక్టోబరు 13 వరకు ఉన్నాయి. చూడ్డానికి కొత్తగా ఉన్నది రక్షణ లేనిది, పాతగా ఉన్నది రక్షణ గలది. 24H2 నుంచి ఇంకో కత్తెర కూడా పడింది. POPCNT వంటి కొన్ని ఆదేశాలు తెలియని బాగా పాత ప్రాసెసర్ల మీద, ఉదాహరణకు కోర్ 2 డుయో మీద, బైపాస్ పెట్టినా విండోస్ బూటే కాదు. బైపాస్ తప్పని నేననడం లేదు. ఏటా చేతితో వెర్షన్ మార్చుకునే ఓపిక, తెలివిడి ఉన్నవాడికి అది చెల్లుతుంది. అది చెప్పకుండా, ఆ సంగతి తెలియని మనిషికి, విండోస్ 11 వేసిచ్చామని బిల్లు వేసి పంపడమే తప్పు.

అప్‌డేట్ లేకపోతే ఏమవుతుందో తెలుగు నేల మీదే ఒకసారి చూశాం. 2017 మేలో ప్రపంచమంతా పాకిన వాన్నాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల నుంచి ఆ వార్తలు వచ్చాయి. ఆ దాడి వాడుకున్న లోపాన్ని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి మాత్రం దాడి జరిగాకే ఇచ్చింది. ఆ దాడిని ఆపేది టీపీఎం కాదని గమనించాలి, సెక్యూర్ బూట్ కూడా కాదు. నెలనెలా వచ్చే మామూలు అప్‌డేట్ ఆపేది. అందుకే పాత సిస్టం ఉన్నవాళ్లు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న "విండోస్ 11 ఎలా వేయించాలి" అనేది కాదు, "నా సిస్టంకు వచ్చే నెల అప్‌డేట్ వస్తుందా" అన్నది.

అలా అడిగితే ముందు కనిపించే దారి విండోస్ 10లోనే కొంతకాలం ఉండటం. వెర్షన్ 22H2 అయి ఉండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో పొడిగింపు పథకంలో చేరే ఎంపిక ఉంటుంది. విండోస్ బ్యాకప్‌తో సెట్టింగ్‌లను ఖాతాకు కలిపితే ఉచితం, లేదంటే 30 డాలర్లు లేదా 1,000 రివార్డ్స్ పాయింట్లు. ఒకే ఖాతా కింద 10 సిస్టంల వరకు చేర్చవచ్చు. దీని గడువు పైన చెప్పిన 2026 అక్టోబరు 13. ఇది ఇంటి వాడకానికి ఉద్దేశించింది, డొమైన్‌కు కలిపిన ఆఫీసు కంప్యూటర్లకు వర్తించదు. సంస్థలకు మొదటి ఏడాది ఒక్కో సిస్టంకు 61 డాలర్లు, ఏటా రెట్టింపవుతూ మూడేళ్లు. విద్యాసంస్థలకు మాత్రం మొదటి ఏడాది 1 డాలరు, తర్వాత 2, ఆ తర్వాత 4. పాత ల్యాబ్ ఉన్న కాలేజీ యాజమాన్యాలు ఈ ధర తెలుసుకోకుండా ల్యాబ్ మొత్తాన్ని తుక్కుకు వేయకూడదు.

లైనక్స్ సంగతి ఎత్తకుండా ఈ వ్యాసం ముగిస్తే అన్యాయం. చదువుకు, బ్రౌజింగ్‌కు, లెక్కలు రాసుకోవడానికి టీ470 మీద లైనక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ హాయిగా నడుస్తుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంచి ఉబుంటు వేసుకోవచ్చు, ప్రాసెసర్ తరాన్ని అది అడగదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. తెలుగులో స్వేచ్ఛ సంస్థ కూడా తెలుగు ఆపరేటింగ్ సిస్టం తయారుచేసి చూపించింది. కానీ ఈ సలహాను అందరికీ ఒకేలా పంచలేం. డీటీపీ సెంటర్ బతికేది అను స్క్రిప్ట్ మీద, పేజ్‌మేకర్ మీద. ఏళ్లనాటి పెండ్లి పత్రికలు, కరపత్రాల ఫైళ్లన్నీ యూనికోడ్ కాని ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. లైనక్స్‌లోకి మారితే ఆ ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టు తెరుచుకోవు. ఆధార్ వేలిముద్ర పరికరాలు నడిపే కేంద్రాల ఇబ్బంది ఇంకోరకం. వాటికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్, ఆండ్రాయిడ్‌ల కోసమే వస్తుంది. ఉట్నూరులో అలాంటి కేంద్రం నడిపేవాళ్లకు లైనక్స్ ఉచితమని చెప్పడం వాళ్ల పని ఏమిటో తెలియకుండా చెప్పడమే. వాళ్లు 8వ తరం లేదా ఆ పై తరానికి చెందిన సెకండ్ హ్యాండ్ సిస్టం కొనుక్కోవడం మేలు. పదిమంది ఆధార్ వివరాలు నడిచే యంత్రం మీద బైపాస్ పెట్టడం ఎవరికీ తగదు. డీటీపీ వాళ్లకు ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. పాత సిస్టంను ఇంటర్నెట్‌కు కలపకుండా అను, పేజ్‌మేకర్‌లకే కేటాయించి, వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లను వేరే సిస్టంలో తెరిచి వైరస్ తనిఖీ చేశాకే అందులోకి ఎక్కించుకోవాలి.

ఇక కొనేవాళ్లకూ రిపేరుకు ఇచ్చేవాళ్లకూ ఒక మనవి. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌కు డబ్బు చెల్లించే ముందు దాని తెర మీదే msinfo32 తెరిపించి Processor వరుస మీరే చదవండి. ఆ పూర్తి సంఖ్యను, వేసిచ్చిన విండోస్ వెర్షన్‌ను, తనిఖీలు తీసేసి వేశారా లేదా అన్న సంగతిని బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోని షాపులో కొనకండి.